డిశ్చార్జ్ సమ్మరీలో "ఎన్నేళ్లుగా" అనే లైను: క్లెయిమ్‌కు పంపేముందు ఎలా చూసుకోవాలి, తప్పుంటే ఎలా సరిచేయించాలి

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ఏడేళ్లు పనిచేశాను. ఇప్పుడు తెలిసినవాళ్ల క్లెయిమ్ ఫైళ్లు చూసిపెడుతుంటాను. చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి, ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా ఎక్కువగా వినేది ఒకే మాట: "అన్నా, పాత జబ్బు దాచారని కంపెనీవాళ్లు క్లెయిమ్ కొట్టేశారు. మేం ఏమీ దాచలేదు. ఇప్పుడేం చేయాలి?" ఫైల్ తెప్పించి చూస్తే చాలాసార్లు గొడవంతా డిశ్చార్జ్ సమ్మరీలోని ఒక్క లైను దగ్గరే ఉంటుంది. అందుకే ఆ లైను గురించి వివరంగా రాస్తున్నాను. ఇది ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవాళ్ల కోసం. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవాళ్ల దారి వేరు.

ముందు ఒక కేసు చెబుతాను, మిగతావన్నీ దీన్నిబట్టే అర్థమవుతాయి.

పలమనేరు వైపు ఒకాయన, వయసు 54. 2021 జూన్‌లో పాలసీ తీసుకున్నాడు. 2022 అక్టోబరులో షుగర్ బయటపడింది. 2024 నవంబరులో ఒక రాత్రి గుండె నొప్పితో తిరుపతికి తెచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చారు. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "షుగర్ ఉందా? ఎన్నాళ్లుగా?" అని అడిగినప్పుడు పక్కనున్నది ఆయన తమ్ముడు. చేతులు వణుకుతుంటే, "ఉంది సార్, పదేండ్లుగా ఉంది" అనేశాడు. పదేళ్లుగా షుగర్ ఉన్నది వాళ్ల నాయనకు. టెన్షన్‌లో ఆ మాట నోటికి వచ్చింది. డాక్టర్ కేసు షీటులో అదే రాశారు, టైపిస్టు సమ్మరీలో అదే కొట్టాడు.

కంపెనీ నుంచి వచ్చిన లెటర్ సారాంశం ఇది: 2021లో పాలసీ తీసుకునేటప్పటికే మీకు షుగర్ ఉంది, పాలసీ కోసం నింపిన ప్రపోజల్ ఫారంలో "లేదు" అని టిక్ పెట్టారు, కాబట్టి క్లెయిమ్ చెల్లదు.

కొడుకు నా దగ్గరకు వచ్చి, "వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లు దాటిపోయింది కదన్నా, ఇంకేం అడ్డం?" అన్నాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. పాత జబ్బుకు క్లెయిమ్ రావాలంటే ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ ఒకటి, ఆ జబ్బు చెప్పకుండా దాచడం వేరొకటి. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పాత జబ్బుల వెయిటింగ్ 36 నెలలకు మించకూడదు. కానీ ప్రపోజల్‌లో దాచారన్న అభ్యంతరం, పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచేదాకా కంపెనీ లేవనెత్తవచ్చు. ఆ తర్వాత మోసమని నిరూపిస్తే తప్ప కుదరదు. ఈయనకు నడిచింది 41 నెలలే. అందుకే "పదేళ్లు" అన్న రెండు ముక్కలు అంత బరువైపోయాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాలసీ కాపీ. రెన్యూవల్ తేదీతో పని లేదు, మొట్టమొదట పాలసీ మొదలైన తేదీ కావాలి. మధ్యలో కంపెనీ మారి ఉంటే పాత కంపెనీ పాలసీ కాగితాలు కూడా తీయండి. ఆగకుండా మారి ఉంటే ఆ కాలం కూడా లెక్కలోకి వస్తుంది.
- ప్రపోజల్ ఫారం కాపీ. అప్పుడు ఏజెంటు ఏం టిక్ పెట్టాడో మీకు గుర్తుండదు. లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించుకోండి.
- షుగర్, బీపీ, థైరాయిడ్ లాంటివి మొదటిసారి బయటపడినప్పటి చీటీ, ఆ రోజు ల్యాబ్ రిపోర్టు.
- పాలసీకి ముందు ఎప్పుడైనా చేయించిన రక్తపరీక్షలు, నార్మల్‌గా వచ్చినవి కూడా. "అంతా బాగానే ఉందిలే" అని పారేసే కాగితమే తర్వాత సాక్ష్యంగా నిలబడుతుంది.

1. చేర్చేటప్పుడు సంగతి తెలిసిన మనిషి జవాబు చెప్పాలి

క్యాష్‌లెస్ ఫారంలో డాక్టర్ నింపే భాగం ఒకటి ఉంటుంది. షుగర్, బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, కీళ్ల అరుగుదల, మద్యం అలవాటు వరుసగా ఉంటాయి. ఒక్కోదాని పక్కన "ఏ నెల, ఏ సంవత్సరం నుంచి" అని గడి ఉంటుంది. ఆ గడిలో పడే అంకె మీ నోటి నుంచి వచ్చేదే.

అందుకని అంచనాగా చెప్పకండి. "చాలా ఏళ్లుగా", "ఎప్పటి నుంచో", "ఐదారేళ్లు" అనే మాటలు వద్దు. నెల, సంవత్సరం తెలిస్తే చెప్పండి: "2022 అక్టోబరులో బయటపడింది, అప్పటి నుంచి మాత్ర వేసుకుంటున్నాడు." తెలియకపోతే "నాకు తెలియదు సార్, వాళ్లబ్బాయి వస్తున్నాడు, అతన్ని అడగండి" అనండి. తెలియదంటే వైద్యం ఆగదు. డాక్టర్‌కు ఆ నిమిషంలో కావాల్సింది షుగర్ ఉందా లేదా, ఏ మందులు వాడుతున్నారు అన్నది. అది మాత్రం దాచకుండా చెప్పాలి. బీమా కోసమని షుగర్ లేదని చెబితే, మత్తు ఇచ్చేటప్పుడో స్టెంట్ వేసేటప్పుడో ముప్పు రోగికే.

నింపిన ఫారం కంపెనీకి పంపేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అడిగితే డెస్కువాళ్లు ఇస్తారు.

2. డిశ్చార్జ్‌కు ముందు రోజు సాయంత్రమే డ్రాఫ్టు అడగండి

సమ్మరీ సాధారణంగా డిశ్చార్జ్ రోజు పొద్దున టైపు అవుతుంది. ఆసుపత్రి నుంచి బిల్లు వెళ్లాక మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే నాటి సర్క్యులర్ చెబుతోంది. దాంతో ఆసుపత్రిలో అందరూ తొందరలో ఉంటారు. ఆ తొందరలో మీకు సమ్మరీ చూపించేది సంతకం పెట్టే వేళకే, అప్పటికి అది కంపెనీకి చేరిపోయి ఉంటుంది.

రేపు డిశ్చార్జ్ అని డాక్టర్ రౌండ్స్‌లో చెప్పగానే వార్డు సిస్టర్‌ను అడగండి: "మేడం, సమ్మరీ కంపెనీకి పంపేముందు ఒకసారి మాకు చూపించండి." చాలా ఆసుపత్రుల్లో కాదనరు. ఆరోజే కుదరకపోతే పొద్దున్నే డెస్కు దగ్గరకు వెళ్లి, పంపడానికి ముందు పది నిమిషాలు అడగండి.

3. డ్రాఫ్టు చదివేటప్పుడు మొదట చూడాల్సిన లైను

సమ్మరీలో పేరు, తేదీలు, రోగనిర్ధారణ అయ్యాక "పూర్వ చరిత్ర" భాగం వస్తుంది. అక్కడ కె, సి, ఓ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు కనబడతాయి. ఈ జబ్బు ఉన్నట్టు ముందే తెలిసిన మనిషి అని దానర్థం. దాని పక్కనే జబ్బు పేరు, ఎన్నేళ్లుగా అన్న అంకె ఉంటాయి. వేలు పెట్టి చదవాల్సింది ఆ అంకె. ఒక్క సున్నా ఎక్కువ పడినా ఒక సంవత్సరం పదేళ్లవుతుంది.

దాని కింద ఇప్పటి బాధ ఎన్నాళ్లుగా ఉందో రాస్తారు. "ఆరు నెలలుగా ఛాతీనొప్పి" అని ఉందా, "ఆరు గంటలుగా" అని ఉందా? మా పలమనేరు ఆయన సమ్మరీలో ఇది సరిగ్గానే పడింది. కొత్త పాలసీ ఉన్నవాళ్లకు మాత్రం ఈ అంకె తప్పితే చాలా ఇబ్బంది. మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిమ్ ఉండదు. హెర్నియా, కంటిశుక్లం లాంటి కొన్నిటికి పాలసీలో రాసిన కాలం దాకా ఆగాలి. నొప్పి పాలసీకి ముందే మొదలైందని అంకెలో కనిపిస్తే ఇక ప్రశ్నలే ప్రశ్నలు.

దెబ్బ తగిలిన కేసుల్లో తేదీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన వైపు చేయి విరిగితే ముందు పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు చాలామంది. రెండు మూడు వారాలైనా నొప్పి తగ్గక ఆసుపత్రికి వస్తారు. ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి "నిన్న పడ్డాడు" అంటారు. ఎక్స్‌రేలో ఎముక అతుక్కోవడం మొదలైనట్టు కనిపిస్తుంది, మాటకూ ఫిల్మ్‌కూ పొంతన కుదరదు. పడిన తేదీ, కట్టు కట్టించుకున్న తేదీ, ఆసుపత్రికి వచ్చిన తేదీ మూడూ ఉన్నదున్నట్టు రాయించుకోండి. కట్టు కట్టించుకోవడం వల్ల క్లెయిమ్ పోదు, తేదీ అబద్ధమైతే పోతుంది.

4. అదే అంకె రిపోర్టుల్లో కూడా పాకిందేమో చూడండి

ఇది చాలామందికి తట్టదు. ఎకో, స్కాన్, రక్తపరీక్ష దేనికి పంపినా కేసు షీటు చూసి సిస్టర్ ఒక చిన్న స్లిప్పు రాస్తారు. అందులో "షుగర్, 10 ఏళ్లు" అని రాస్తే, ఎకో రిపోర్టు పైన ఆ మాటే అచ్చవుతుంది. అది ఎకో చూసి కనిపెట్టింది కాదు, స్లిప్పులోంచి దిగింది. కానీ కంపెనీ డాక్టర్ టేబుల్ మీదకు ఫైల్ వెళ్లేసరికి కేసు షీటు, ఎకో, సమ్మరీ మూడూ ఒకే మాట చెబుతున్నట్టు కనబడుతుంది. తమ్ముడు ఒకసారి అన్న మాట మూడు సాక్ష్యాలైపోయింది. పలమనేరు ఫైల్‌లో అచ్చంగా ఇదే జరిగింది.

కాబట్టి ప్రతి రిపోర్టులో పేరు, వయసు, తేదీతో పాటు పైన చిన్న అక్షరాల్లో ఉండే వివరం కూడా చదవండి. మూడు నెలల షుగర్ పరీక్షలో అంకె ఎక్కువ వస్తే పాత జబ్బని తేలుతుందేమోనని కొందరు భయపడతారు. అది సుమారు గత మూడు నెలల సగటు మాత్రమే చెబుతుంది, ఎన్నేళ్లుగా ఉందో చెప్పదు. కంటి నరాల్లోనో మూత్రపిండాల్లోనో షుగర్ వల్ల దెబ్బతిన్నట్టు రిపోర్టు వస్తే మాత్రం కంపెనీ డాక్టర్ వ్యవధి గురించి గట్టిగానే అడుగుతారు. దానికి మీ దగ్గర పాత నార్మల్ రిపోర్టు ఉంటే ముందే ఫైల్‌లో పెట్టండి.

5. తప్పుంటే సరిచేయించే పద్ధతి

ముందొక హెచ్చరిక. షుగర్ నిజంగానే పదేళ్లుగా ఉంటే ఆ అంకె మార్చమని డాక్టర్‌ను అడగకండి, మీరే వైట్‌నర్ పూయకండి. ఇన్సూరెన్స్‌వాళ్లు ఆసుపత్రి నుంచి కేసు షీటు మొత్తం తెప్పించుకుంటారు, ఊళ్లో చూపించుకున్న క్లినిక్‌కూ మనిషిని పంపుతారు. మోసమని తేలితే ఈ క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా రద్దవుతుంది. సంతకం పెట్టిన డాక్టర్ కూడా చిక్కుల్లో పడతారు. నిజంగా పాతదే అయితే ప్రపోజల్‌లో చెప్పారా, వెయిటింగ్ దాటిందా, 60 నెలలు నిండాయా అన్నది చూసుకోవాలి. దాన్నిబట్టి వాదన ఉంటుంది.

తప్పు నిజంగా తప్పే అయితే ఇలా చేయండి.

సమ్మరీ ఇంకా పంపకపోతే: చీటీ, ల్యాబ్ రిపోర్టు చేత్తో పట్టుకుని వైద్యం చేసిన డాక్టర్ దగ్గరకే వెళ్లండి. "తప్పు పడింది, మార్చండి" అని ఊరికే అడిగితే ఏ డాక్టర్ కైనా అనుమానం వస్తుంది. "సార్, చేర్చేటప్పుడు మా చిన్నాయన కంగారులో చెప్పాడు. నాయనకు షుగర్ బయటపడింది 2022 అక్టోబరులో. ఇదిగో ఆ రోజు చీటీ, ఇదిగో ల్యాబ్ కాగితం. ఒకసారి నాయనను కూడా అడగండి సార్" అంటే ఆయనకు ఒక ఆధారం దొరుకుతుంది.

సమ్మరీ పంపేశాక: పాత కేసు షీటులో గీతలు కొట్టించకండి. మొదట రాసింది అలాగే ఉండాలి. డాక్టర్ విడిగా ఒక వివరణ రాసి, తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర వేయాలి. సవరించిన సమ్మరీ కూడా ఇస్తే దాని మీద "సవరించినది" అని, సవరించిన తేదీ ఉండాలి. పాత తేదీతో కొత్త సమ్మరీ చేయించుకున్నారంటే రెండూ కంపెనీ దగ్గర చేరి మీ మీదే అనుమానం పుడుతుంది.

వివరణలో ఉండాల్సినవి నాలుగే: మొదట ఎవరు చెప్పగా రాశారు, తర్వాత ఎవరిని అడిగారు, ఏ కాగితం చూశారు, ఇప్పుడు ఏమని అర్థం చేసుకోవాలి. పలమనేరు కేసులో డాక్టర్ రాసిచ్చిన దాని భావం ఇది:

"చేర్చిన రాత్రి రోగి మాట్లాడే స్థితిలో లేనందున పూర్వ చరిత్ర ఆయన తమ్ముడు చెప్పగా నమోదైంది. తర్వాత రోగిని స్వయంగా అడిగాను. 2022 అక్టోబరు నాటి చీటీ, ల్యాబ్ రిపోర్టు చూశాను. వాటి ప్రకారం షుగర్ అప్పుడే మొదటిసారి గుర్తించారు. ఎకో రిపోర్టులోని వ్యవధి కూడా మొదటి నమోదు నుంచి తీసుకున్నదే."

చివరి వాక్యం మేం అడిగి రాయించుకున్నాం. అది లేకపోతే "మరి ఎకోలో కూడా పదేళ్లని ఉందే" అని ఇంకో లెటర్ వచ్చేది.

దీంతో పాటు 2021 ఫిబ్రవరిలో ఆయన ఊళ్లో చేయించుకున్న రక్తపరీక్ష దొరికింది. పరగడుపు షుగర్ 94. పాలసీకి నాలుగు నెలల ముందు కాగితం అది, పెళ్లి పత్రికల మధ్య నలిగిపోయి ఉంది. డాక్టర్ వివరణకు బలం ఆ అంకె వల్లే వచ్చింది. "ఆయన అప్పుడు మాత్రలు వాడుతూ చేయించుకున్నాడేమో" అని కంపెనీ ఒకసారి అడిగింది. 2022 చీటీలో "కొత్తగా గుర్తించిన షుగర్" అని, మందు మొదలుపెట్టినట్టు ఉండటంతో ఆ ప్రశ్న తీరింది. క్లెయిమ్ తిరిగి తెరిచారు. గ్లౌజులు, సిరంజిలు లాంటి వస్తువుల ఖర్చు తీసేసి మిగతాది ఇచ్చారు.

డాక్టర్ రాయనంటే ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. కేసు షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. కాపీ చేతికి వస్తే ఆ మాట చెప్పిందెవరో, రాసిందెవరో, ఎన్ని గంటలకో తెలుస్తుంది. "తమ్ముడు తెలిపారు" అని కేసు షీటులో ఉంటే అదే మీకు సగం ఆధారం.

6. జ్వరం కేసుల్లో ఇంకో లైను

వానలు మొదలయ్యాక ఇది ఎక్కువగా వస్తుంది. సమ్మరీలో "జ్వరం, పరీక్షల నిమిత్తం చేర్చుకున్నాం, రిపోర్టులు నార్మల్, మాత్రలతో పంపించాం" అని ఉంటే, కేవలం పరీక్షల కోసం చేరారని కంపెనీ తిరస్కరిస్తుంది. పాలసీలో ఆ మినహాయింపు ఉంటుంది, పాలసీ కాగితంలో దాని కోడ్ Excl04 అని కనబడుతుంది. ఫైల్ చూసే కంపెనీ డాక్టర్ అడిగేది ఒకటే: ఇంట్లో ఉండి మాత్రలు మింగితే సరిపోయేదా?

మీ మనిషికి నిజంగా వాంతులై నోటితో ఏమీ నిలవలేదా, బీపీ పడిపోయిందా, ప్లేట్‌లెట్లు తగ్గుతూ వచ్చాయా? అవి కేసు షీటులో రోజువారీగా ఉంటాయి, సమ్మరీలోకి ఎక్కకపోవచ్చు. "సార్, మొదటి రెండు రోజులు సెలైన్ మీదే ఉంది, నోటితో ఏమీ తీసుకోలేదు, అది సమ్మరీలో రాలేదు" అని అడగడం తప్పేమీ కాదు. జరగనిది రాయించుకోవడమే తప్పు. ఇంజెక్షన్ ఇచ్చినట్టు సమ్మరీలో ఉంటే నర్సుల మందుల చార్టులోనూ, ఫార్మసీ బిల్లులోనూ ఉండాలి. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు, మీరూ అలాగే చూసుకోండి.

7. సరిగ్గా ఉందో లేదో చివరగా ఎలా తెలుసుకోవాలి

ఇంట్లో బీమా సంగతి తెలియని ఒకరికి సమ్మరీ, క్యాష్‌లెస్ ఫారం, రిపోర్టులు ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి: జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎందుకు చేర్చాల్సి వచ్చింది, ఏం వైద్యం చేశారు? మూడిటికీ ఏ కాగితం చూసినా ఒకే జవాబు రావాలి. ఎక్కడైనా ఆగి "ఇక్కడ ఇంకోలా ఉందే" అన్నారంటే, కంపెనీ డాక్టర్ కూడా అక్కడే ఆగుతారు.

పంపాక ప్రశ్నలతో లెటర్ వస్తే అది తిరస్కరణ కాదు. అడిగినదానికి మాత్రమే, కాగితం జతచేసి, రాతలో జవాబివ్వండి. ఫోన్‌లో చెప్పింది లెక్కకు రాదు.

తిరస్కరణే వస్తే పాలసీలోని ఏ నిబంధన కింద తిరస్కరించారో లెటర్‌లో ఉండాలి. మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. అక్కడ తేలకపోతే ఫిర్యాదుకు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది. ఆ తర్వాత బీమా అంబుడ్స్‌మన్. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా విచారిస్తారు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడికి పంపే ఫైల్‌లో డాక్టర్ వివరణను పైన, మొదటి చీటీని దాని వెనక, పాత నార్మల్ రిపోర్టును ఆ వెనక పెట్టండి. పలమనేరు ఫైల్‌ను మేం ఆ వరుసలోనే కుట్టాం.